వెల్లుల్లికి భయపడే రక్తపిశాచి ప్రేమకథల హీరో ఎలా అయ్యాడు?

మాధవి, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు అవగానే ట్వైలైట్ నవలలు నాలుగూ వరసగా చదివేసింది. తర్వాత నా దగ్గరున్న పాత డ్రాకులా నవల ఇచ్చాను. రెండో అధ్యాయంలోనే ఆగిపోయి నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, వీడి నోరు కంపు కొడుతోందట, అరచేతి మధ్యలో వెంట్రుకలున్నాయట. నేను చదివినవాడూ వీడూ ఒకే జాతి ఎలా అవుతారు?" అని అడిగింది.

నాకు జవాబు తోచలేదు. వెల్లుల్లి, ఎండ, గుండెలో కొయ్య, ఈ మూడూ పాత జానపద నమ్మకాలనీ, ప్రేమ మాత్రం ఈ మధ్య సినిమావాళ్లు కలిపారనీ అనుకుంటూ వచ్చాను. అది నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. దానికి చదివి వినిపిస్తాను.

కిరణ్, డాలస్

మాధవి గారూ, ఇది చాలామందికి తెలిసిన విషయమే. 15వ శతాబ్దంలో ఇప్పటి రుమేనియా ప్రాంతాన్ని వ్లాద్ అనే రాజు ఏలాడు. శత్రువులను కొయ్యలకు గుచ్చి చంపేవాడు. డ్రాకులా అతనే, కొయ్య సంగతీ అక్కడిదే. ఎండ, వెల్లుల్లి మాత్రం పోర్ఫిరియా అనే జబ్బు నుంచి వచ్చాయి. ఆ జబ్బు ఉన్నవాళ్లకు ఎండ తగిలితే చర్మం కాలిపోతుంది, వెల్లుల్లి కూడా పడదట. పాతకాలపు జనం అలాంటి రోగులను చూసి రక్తపిశాచులు అనుకున్నారు. అందమైన హీరోగా మార్చింది హాలీవుడ్.

శారద, గుంటూరు

కిరణ్ గారూ, వ్లాద్ ఉన్న మాట నిజం, కొయ్యలకు గుచ్చిన మాటా నిజం. కానీ ఆ రెండు కొయ్యలకూ సంబంధం లేదు. నవల రాసిన బ్రామ్ స్టోకర్ తన రాక్షసుడికి మొదట పెట్టుకున్న పేరు 'కౌంట్ వాంపైర్'. 1890లో ఇంగ్లండ్‌లోని విట్బీ ఊరి గ్రంథాలయంలో ఒక పాత చరిత్ర పుస్తకం చదువుతుంటే డ్రాకులా అన్న పేరు తగిలింది. ఆ మాటకు అక్కడి భాషలో దయ్యం అని అర్థం ఉందని అందులో రాసి ఉంది. ఆ పేరు నచ్చి తీసుకున్నాడు. మనుషులను కొయ్యలకు గుచ్చిన సంగతి నవలలో ఎక్కడా రాదు.

పోర్ఫిరియా సంగతికి వస్తే, అది 1980లలో బాగా ప్రచారమైన ఊహ. దానికి ఉన్న చిక్కు ఏమిటంటే, పాత నమ్మకంలో రక్తపిశాచి అంటే జబ్బుపడ్డ మనిషి కాదు, పాతిపెట్టిన శవం. పైగా ఎండ తగిలితే చస్తాడన్న మాట ఆ పాత కథల్లో లేదు. లేనిదానికి జబ్బును కారణంగా వెతకడం ఎందుకు?

నేను ముప్పై ఏళ్లు జర్మన్ చెప్పాను. 18వ శతాబ్దపు ఆస్ట్రియా ఉద్యోగుల నివేదికలు జర్మన్‌లోనే ఉన్నాయి కాబట్టి చదివే అవకాశం దొరికింది. మాధవి గారి అమ్మాయి కోసం ఒకటి పూర్తిగా చెబుతాను.

1718లో ఒక సంధి ప్రకారం ఉత్తర సెర్బియా టర్కీ చేతిలోంచి ఆస్ట్రియా చేతిలోకి వచ్చింది. కొత్త ఏలుబడి, కొత్త ఉద్యోగులు. ఊళ్లో ఏం జరిగినా కాగితం మీద పెట్టడం వాళ్ల అలవాటు. అంతకుముందు కూడా అక్కడి జనం శవాలను తవ్వి తీసేవాళ్లే, కానీ రాసిపెట్టినవాళ్లు లేరు. 1725లో కిసిల్యెవో అనే చిన్న ఊళ్లో పీటర్ ప్లొగొయోవిట్స్ అనే రైతు చనిపోయాడు. పాతిపెట్టి పది వారాలైంది. అప్పుడు ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది చనిపోయారు. ఒక్కొక్కరూ జబ్బుపడి ఒక్క రోజులో పోయారు. పోయేముందు అందరూ ఒకటే మాట చెప్పారు: నిద్రలో పీటర్ వచ్చి మీద పడుకుని గొంతు నొక్కాడని.

అతని భార్య చెప్పింది వేరు. భర్త రాత్రి ఇంటికి వచ్చి తన చెప్పులు ఇమ్మని అడిగాడట. అక్కడి రైతులు తొడుక్కునే తోలు చెప్పులు, వాటిని ఒపాంకి అంటారు. ఆ తర్వాత ఆమె ఊరు వదిలి వేరే ఊరికి వెళ్లిపోయింది.

ఫ్రోంబాల్ట్ అనే ఉద్యోగిని ఊరివాళ్లు సమాధి తవ్వుతాం, వచ్చి చూడమన్నారు. బెల్‌గ్రేడ్ నుంచి అనుమతి వచ్చేదాకా ఆగమన్నాడు ఆయన. ఆగితే ఊరే ఖాళీ అవుతుంది, టర్కీవాళ్ల కాలంలో ఒకసారి అలాగే అయింది, మీరు ఒప్పుకోకపోతే మేమే ఊరు విడిచిపోతాం అన్నారు వాళ్లు. చివరికి పూజారిని వెంటబెట్టుకుని వెళ్లాడు. శవం వాసన కొట్టడం లేదు. ముక్కు కాస్త పడిపోయింది తప్ప ఒళ్లు చెడలేదు. జుట్టు, గడ్డం, గోళ్లు పెరిగినట్టున్నాయి. పాత చర్మం ఊడి కింద కొత్త చర్మం కనబడింది. నోట్లో తాజా రక్తం. ఊరివాళ్లు మొన చెక్కిన కొయ్య గుండెలో దించారు. చెవుల్లోంచీ నోట్లోంచీ రక్తం వచ్చింది. తర్వాత కాల్చి బూడిద చేశారు. తప్పు జరిగి ఉంటే అది తనది కాదనీ, భయంతో ఒళ్లు తెలియని జనానిదనీ రాసి ఫ్రోంబాల్ట్ నివేదిక ముగించాడు. అది ఆ జులైలోనే వియన్నా పత్రికలో అచ్చయింది.

ఇందులో కోరలు లేవు, కోట లేదు, గబ్బిలం లేదు. పొరుగింటి రైతు ఉన్నాడు. అతను వచ్చింది తన ఇంటికి, తన భార్య దగ్గరికి.

పాపారావు, పలాస

శారద గారు రాసింది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మీరు అడిగింది ప్రేమకథల గురించి, నేను చెప్పేది అది కాదు. అయినా చెప్పాలనిపించి రాస్తున్నాను.

మూడేళ్ల కిందట మా చిన్నాన్న ఎండాకాలంలో పోయాడు. కొడుకు గల్ఫ్ నుంచి రావాలని రెండు రోజులు ఉంచాం. ఫ్రీజర్ బాక్స్ తెప్పించాం గానీ రాత్రి కరెంటు పోయి కొన్ని గంటలు పని చేయలేదు. తెల్లారి చూస్తే నోటి పక్క నుంచి ఎర్రగా కారుతోంది. పొట్ట ఉబ్బింది. ముఖం కూడా పోయినప్పటికంటే నిండుగా, ఎర్రగా ఉంది. మా పిన్ని "ఆయన పోలేదు, ఆయనకి ప్రాణం ఉంది" అని పడిపోయింది. కొందరు ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. ఇప్పటికీ మా వీధిలో ఆ మాట ఎత్తరు. ఆ రక్తం ఏమిటో మాకు ఎవరూ చెప్పలేదు. ఆ రైతు శవం గురించి చదివితే మా చిన్నాన్నే గుర్తొచ్చాడు.

డాక్టర్ శేఖర్, కర్నూలు

పాపారావు గారూ, మీ కుటుంబం ఆ రాత్రి ఎంత నలిగిపోయి ఉంటుందో అర్థమవుతోంది. నేను ఫోరెన్సిక్ విభాగంలో పని చేశాను. మీరు చూసింది నేను చాలాసార్లు చూశాను. అందులో అసహజమైనది ఏదీ లేదు. ఈ మాట మీ పిన్నిగారికి కూడా చెప్పండి.

ప్రాణం పోయాక పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు ఆగవు. వాటివల్ల లోపల గ్యాస్ పుడుతుంది. పొట్ట ఉబ్బుతుంది, ముఖం నిండినట్టు కనిపిస్తుంది. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోని నెత్తుటి రంగు ద్రవం పైకి వచ్చి నోటి నుంచి, ముక్కు నుంచి కారుతుంది. అది గాయం రక్తం కాదు. ఎండాకాలంలో చల్లదనం ఆగితే కొన్ని గంటల్లోనే మొదలవుతుంది.

ఇప్పుడు కిసిల్యెవో నివేదిక మళ్లీ చదవండి. పై చర్మం పొరలాగా ఊడిపోతే కింద ఎర్రగా, కొత్తగా కనబడుతుంది. గోళ్లూ గడ్డమూ పెరగవు. చుట్టూ చర్మం ఎండి వెనక్కి పోతుంది కాబట్టి పెరిగినట్టు అనిపిస్తుంది. ఉబ్బిన ఛాతీలో కొయ్య దించితే లోపలి ద్రవం నోట్లోంచి ఎగజిమ్ముతుంది. గ్యాస్ గొంతులోంచి బయటికి తోసుకొస్తే మూలుగులాంటి శబ్దం కూడా వస్తుంది. చుట్టూ నిలబడ్డవాళ్లు వాడు అరిచాడనే అనుకుంటారు.

ఫ్రోంబాల్ట్ అబద్ధం రాయలేదు. కళ్లతో చూసింది చూసినట్టే రాశాడు. శవం ఎలా మారుతుందో తెలియక అర్థం తప్పుగా చెప్పుకున్నారు, అంతే. లోతైన మట్టిలో, చలిలో శవం చెడడం చాలా నెమ్మదిస్తుంది. పది వారాలకి పూర్తిగా కుళ్లకపోవడం వింతేమీ కాదు. ఆ తొమ్మిది మంది దేనివల్ల పోయారో మాత్రం ఆ కాగితం చదివి ఎవరూ తేల్చలేరు. ఏదో అంటువ్యాధి అనిపిస్తుంది. ఆ పేరు నేను చెప్పను.

పాపారావు, పలాస

డాక్టరు గారూ, ఈ రాత్రికే పిన్నికి ఫోన్ చేసి చెబుతాను. మూడేళ్లుగా ఆమె అదే తలుచుకుంటోంది. చాలా చాలా థాంక్స్.

కిరణ్, డాలస్

శారద గారూ, వ్లాద్ విషయంలో నేను తప్పు, ఒప్పుకుంటున్నాను. మరి వెల్లుల్లి? అది అయినా పాతదేనా?

శారద, గుంటూరు

అది పాతదే. రుమేనియాలో నవంబర్ చివర సెయింట్ ఆండ్రూ పండుగ ముందు రాత్రి తలుపులకూ కిటికీలకూ వెల్లుల్లి రుద్దుతారు, పశువులకు కూడా రాస్తారు. ఘాటైన వాసన చెడును దూరం పెడుతుందన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది. రక్తపిశాచికి మాత్రమే ప్రత్యేకించిన మందు కాదు అది.

నవలలోకి ఎలా వచ్చిందో స్పష్టంగా తెలుసు. ఎమిలీ జెరార్డ్ అనే ఆవిడ భర్త సైనికోద్యోగం వల్ల ట్రాన్సిల్వేనియాలో ఉండి, 1885లో అక్కడి నమ్మకాల మీద ఒక వ్యాసం రాసింది. ఎంతకీ లొంగని శవమైతే తల నరికి, నోట్లో వెల్లుల్లి కుక్కి పెట్టెలో పెడతారని అందులో ఉంది. స్టోకర్ ఆ వ్యాసం చదివాడు. నవలలో లూసీ అనే అమ్మాయి శవానికి సరిగ్గా అదే చేయించాడు.

కానీ అదే నవలలో వెల్లుల్లిని ఇంకో రకంగా కూడా వాడాడు. లూసీ బతికున్నప్పుడు డాక్టరు, హాలండ్ దేశం నుంచి వెల్లుల్లి పూలు తెప్పించి, ఆమె మెడలో దండ వేసి, కిటికీలకు రుద్దుతాడు. రాత్రి తల్లి గదిలోకి వచ్చి, ఈ వాసనకి పిల్లకి ఊపిరాడదని పూలన్నీ తీసేసి కిటికీ తెరుస్తుంది. ఊళ్లో వెల్లుల్లి శవానికి పెట్టేది. ఇక్కడ పడుచుపిల్ల మెడలో దండ అయింది. పడకగది, కిటికీ, కాపలా. నన్నడిగితే ప్రేమకథకు కావలసిన రంగస్థలం అక్కడే సిద్ధమైంది.

సాంబశివ, విజయవాడ

మన బేతాళుడిని ఎవరూ తలవలేదేం? చెట్టుకు తలకిందులుగా వేలాడతాడు, శవంలో ఉంటాడు. వాంపైర్ అంటే మన బేతాళుడే. ఇక్కడి నుంచే యూరప్‌కు వెళ్లింది అనుకుంటాను. రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన 1870లో బేతాళ కథలను తర్జుమా చేసి విక్రముడూ వాంపైరూ అనే పేరు పెట్టాడు కూడా.

శారద, గుంటూరు

సాంబశివ గారూ, బర్టన్ ఆ పేరు పెట్టిన మాట వాస్తవం. అయితే దారి అటు నుంచి ఇటు. 1870 నాటికి ఇంగ్లీషు పాఠకులకు వాంపైర్ అంటే మోజు. అందుకని ఆ మాటను మన బేతాళుడికి తగిలించాడు. చందమామలో చదివిన బేతాళుడు ఎవరి రక్తమైనా తాగాడా? విక్రమార్కుడి భుజమెక్కి కథ చెప్పాడు, చిక్కు ప్రశ్న అడిగాడు. శవంలో ఉండే ఆత్మ అతను. సెర్బియా రైతేమో తన సొంత ఒంటితోనే లేచి వచ్చినవాడు.

సాంబశివ, విజయవాడ

రక్తం తాగడన్నది ఒప్పుకుంటాను. కానీ చనిపోయినవాళ్లు తిరిగొస్తారన్న భయం అన్ని చోట్లా విడివిడిగా పుట్టిందని నాకు నమ్మకం కుదరడం లేదు. దాని మీద ఇంకా చదవాలి.

తేజస్విని, హైదరాబాద్

నేను మాధవి గారి అమ్మాయి పక్షం. అందరూ పాత నమ్మకాన్నే అసలుదిగా, ప్రేమకథలను కల్తీగా చూస్తున్నట్టు అనిపిస్తోంది. నాకు అలా అనిపించదు. ట్వైలైట్ హీరోకి ఆ అమ్మాయి రక్తం మిగతా అందరికంటే ఎక్కువ ఆకలి పుట్టిస్తుంది. అయినా తాగడు. కథంతా ఆ తాగకపోవడం మీదే నిలబడింది. కొయ్యతో ఊరంతా కలిసి చేసే పనిని ఇతను తన మనసుతో ఒంటరిగా చేస్తున్నాడు. వెల్లుల్లి అక్కర్లేకుండా పోయింది అందుకే కదా, కాపలా లోపలికి వెళ్లిపోయింది.

ఇంకో సందేహం. అందగాడిగా మొదట ఎవరు చూపించారు? హాలీవుడ్ కంటే ముందే ఉండాలి అనిపిస్తోంది.

శారద, గుంటూరు

తేజస్వినీ, "కాపలా లోపలికి వెళ్లింది" అన్న మాట నాకు చాలా నచ్చింది. నేను అలా ఆలోచించలేదమ్మా.

అందగాడు 1819లో వచ్చాడు. మూడేళ్లు ముందు, 1816 జూన్‌లో, జెనీవా సరస్సు ఒడ్డున ఇంగ్లీషు కవి లార్డ్ బైరన్ అద్దెకు తీసుకున్న ఇంట్లో కొందరు స్నేహితులు వానలకు చిక్కుకుని దయ్యాల కథలు రాయాలని పందెం వేసుకున్నారు. బైరన్ ఒక కథ మొదలుపెట్టి వదిలేశాడు. ఆయన వెంట ఉన్న వైద్యుడు జాన్ పొలిడోరికి అప్పుడు ఇరవై ఏళ్లు. ఆయనకూ బైరన్‌కూ పొసగలేదు. ఆ వదిలేసిన ముక్కను తీసుకుని తర్వాత సొంత కథ రాశాడు. అందులో రక్తపిశాచి లార్డ్ రూత్వెన్ లండన్ విందుల్లో తిరిగే పెద్దింటి మనిషి. పాలిపోయిన ముఖం, చల్లని చూపు, ఆడవాళ్లందరి కళ్లూ అతని మీదే. చదివిన వాళ్లందరికీ అది బైరనే అని తెలిసిపోయింది. అంతకుముందు బైరన్ పాత ప్రియురాలు ఒకామె తన నవలలో అతని పోలికతో పెట్టిన పాత్ర పేరు కూడా రూత్వెనే.

1819 ఏప్రిల్‌లో లండన్ పత్రిక ఒకటి దాన్ని బైరన్ పేరుతోనే అచ్చేసింది. బైరన్ నాది కాదన్నాడు, పొలిడోరి నాది అన్నాడు. జనం వినలేదు. ఏడాది తిరిగేసరికి పారిస్‌లో నాటకంగా ఆడారు. అంటే ఆ అందం జానపదం నుంచి రాలేదు. మనసు గాయపడ్డ ఒక కుర్ర వైద్యుడు తన యజమానిని చూసి గీసిన బొమ్మ అది.

ఆ కథలో ఏం లేవో గమనించండి. వెల్లుల్లి లేదు, కొయ్య లేదు. అతన్ని ఎవరూ ఆపలేరు కూడా, కథానాయకుడి చెల్లెలిని పెళ్లాడి చంపి వెళ్లిపోతాడు. చచ్చినవాడు బతకడానికి కావలసింది వెన్నెల. కొండ మీద మొదటి చంద్రకిరణం పడేచోట శవాన్ని పెట్టమని తనే ముందుగా ఏర్పాటు చేసుకుంటాడు.

మాధవి, హనుమకొండ

మరి ఎండ? వెన్నెలకు బతికినవాడు ఎండకు చావడం అప్పుడే వచ్చి ఉంటుందా?

శారద, గుంటూరు

లేదండీ. దానికి ఇంకా వందేళ్లు ఆగాలి. సెర్బియా నమ్మకంలో వాళ్లు రాత్రి తిరుగుతారు, కోడి కూస్తే సమాధికి వెళ్లిపోతారు. వెళ్లిపోవడమే, కాలిపోవడం కాదు. శనివారం సమాధి వదిలి కదలరని కూడా అనుకునేవాళ్లు. అందుకే తవ్వడానికి శనివారం మంచిదని.

మీ అమ్మాయి చేతిలో నవల ఉంది కదా, చూపించండి. డ్రాకులా పట్టపగలు లండన్ పికడిల్లీ వీధిలో నిలబడి ఒక అందమైన అమ్మాయిని చూస్తుంటాడు. పగలు అతని శక్తులు తగ్గుతాయి, అంతే. చివర అతను చచ్చింది కూడా కొయ్యతో కాదు. సూర్యుడు అస్తమిస్తుండగా ఒకరు పెద్ద కత్తితో గొంతు కోస్తారు, ఇంకొకరు వేటకత్తి గుండెలో దించుతారు. మొదటి కత్తి మన గూర్ఖాలు వాడే కుక్రీ.

ఎండ 1922లో వచ్చింది. ముర్నావ్ తీసిన నోస్ఫెరాటు అనే జర్మన్ మూకీ చిత్రంలో. నిర్మాతలు హక్కులు కొనకుండా డ్రాకులా కథనే పేర్లు మార్చి తీశారు. స్టోకర్ భార్య దావా వేసింది, ప్రతులన్నీ తగలబెట్టమని 1925లో తీర్పు వచ్చింది. కొన్ని మిగలడం వల్ల మనం చూడగలుగుతున్నాం. అందులో కౌంట్ ఎలుకలాంటి పళ్లతో చూడలేనట్టు ఉంటాడు. ఎలెన్ అనే ఇల్లాలు ఒక పుస్తకంలో చదువుతుంది. నిర్మలమైన మనసున్న స్త్రీ తన ఇష్టంతో రక్తమిచ్చి, కోడి కూసేదాకా అతన్ని పక్కన ఉంచుకోగలిగితే అతను నశిస్తాడని. ఆమె కిటికీ తెరిచి పిలుస్తుంది. అతను ఆమె పక్కన ఉండిపోయి కాలం మరిచిపోతాడు. కోడి కూస్తుంది. లేచి కిటికీ దాటబోతుంటే ఎండ తగిలి పొగ అయిపోతాడు. ఆమె కూడా చనిపోతుంది.

మాధవి గారూ, మీరు మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. ఎండ పాత నమ్మకమనీ, ప్రేమ కొత్తదనీ అనుకుంటాం. నిజానికి ఎండ కథలోకి వచ్చిందే ఒక స్త్రీ పక్కన ఉండిపోయిన రాత్రి వల్ల. ఆ దృశ్యంలో రెండూ కలిసే పుట్టాయి.

కిరణ్, డాలస్

నోస్ఫెరాటు చూశాను గానీ ఇలా ఆలోచించలేదు. అయితే ఒక విషయం నేను చెప్పగలను. ఆ కౌంట్ ఎలెన్‌ను ప్రేమించాడని నేను ఒప్పుకోను. అతనికి ఆకలి ఉంది, అంతే. అతనికి బాధ ఉందని ప్రేక్షకుడికి అనిపించాలంటే అతనికి పాత జీవితం ఉండాలి.

మా పక్కింటి పెద్దావిడ చిన్నప్పుడు స్కూలు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి డార్క్ షాడోస్ అనే సీరియల్ చూసేదట. ఆవిడ చెప్పాకే నేను వెతికి చూశాను. మధ్యాహ్నం వచ్చే ఇంటి సీరియల్. జనం చూడడం తగ్గిపోతుంటే 1967లో బార్నబస్ కాలిన్స్ అనే రక్తపిశాచిని తెచ్చారు. కొన్నాళ్లకే చంపేద్దామనుకున్నారు. కానీ జనం అతని కోసమే చూడడం మొదలుపెట్టారు. అందుకని అతనికి గతం రాశారు, శాపం రాశారు, పోగొట్టుకున్న జోసెట్ అనే ప్రియురాలిని రాశారు. రోజూ వచ్చే సీరియల్‌లో రోజూ రక్తం తాగితే కథ నడవదు కదా. పశ్చాత్తాపం అయితే ఎన్నాళ్లయినా నడుస్తుంది.

ఆ సీరియల్ తీసిన డాన్ కర్టిసే 1974లో టీవీకి డ్రాకులా తీశాడు. అందులో లూసీ, డ్రాకులా చనిపోయిన భార్య పోలికలతో ఉంటుంది. పునర్జన్మ ప్రేమ అన్నమాట, మనకు బాగా అలవాటైన కథ. 1992లో వచ్చిన పెద్ద హాలీవుడ్ డ్రాకులాలో అందరూ మెచ్చుకున్న ఆ ప్రేమ స్టోకర్ పుస్తకంలో లేదు, టీవీ నుంచి వచ్చిందే.

తేజస్విని, హైదరాబాద్

కిరణ్ గారి మాటే నాకు సరిగ్గా అనిపిస్తోంది. అతని వైపు నుంచి కథ చెప్పడం మొదలైనప్పుడే ప్రేమ మొదలైంది. 1976లో వచ్చిన ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్ నవలలో అయితే రక్తపిశాచే కూర్చుని తన కథ చెప్పుకుంటాడు. అందులో సిలువ, కొయ్య అన్నీ వట్టి మాటలని కొట్టిపారేస్తాడు. ఎండ మాత్రం మిగిలింది. తర్వాత 2005లో ట్వైలైట్‌లో ఆ ఎండ కూడా చంపదు, ఒళ్లు వజ్రాల్లా మెరుస్తుంది. అతను పగలు బయటికి రానిది చావు భయంతో కాదు, జనం చూస్తే తెలిసిపోతుందని.

శారద, గుంటూరు

మీరిద్దరూ చెప్పేది బలంగానే ఉంది, కానీ నేను పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. 1732లో మెద్వెజా అనే ఇంకో సెర్బియా ఊరి నుంచి సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ నివేదిక వచ్చింది, యూరప్ పత్రికలన్నీ వేశాయి. ఆ తర్వాత పదహారేళ్లకే, 1748లో, ఒస్సెన్‌ఫెల్డర్ అనే జర్మన్ కవి చిన్న కవిత రాశాడు. తల్లి మాట దాటని అమ్మాయిని ఒకడు బెదిరిస్తాడు, రాత్రి నువ్వు నిద్రపోతున్నప్పుడు రక్తపిశాచిలా వచ్చి ముద్దుపెడతానని. 1797లో గోథే రాసిన గాథాగీతంలో అయితే చనిపోయిన పెళ్లికూతురే తన వరుడి దగ్గరికి వస్తుంది. తల్లి మొక్కు వల్ల పెళ్లి చెడి చనిపోయిన పిల్ల. అతను ఆమెను ప్రేమిస్తాడు, ఆమె అతని గుండె రక్తం తాగుతుంది. చివర తల్లినే అడుగుతుంది, మమ్మల్నిద్దరినీ ఒకే చితి మీద పెట్టమని. ఆమెకు గతం ఉంది, బాధ ఉంది. టీవీకి 170 ఏళ్లు ముందు.

కిరణ్, డాలస్

గోథే పద్యం చదవలేదు, చదివి వస్తాను. కానీ అది మధ్యలో తెగిపోయిన దారి కాదా? డ్రాకులాలో ఆ బాధ లేదు కదా. జనం చేతికి వచ్చింది టీవీ వల్లే అని నా మాట.

డాక్టర్ శేఖర్, కర్నూలు

ఒక్క మాట చేర్చాలి. ఆ తవ్వకాలు ఊరికే ఆగలేదు. 1755లో మొరావియా సరిహద్దు ఊరు ఒకదానిలో ఒక స్త్రీ శవాన్ని తవ్వి కాల్చారు. మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్‌తో విచారణ చేయించి, శవాలకు ఇలాంటివి ఊరివాళ్లు చేయకూడదని ఆజ్ఞ ఇచ్చింది. చలిలో, గాలి తగలని మట్టిలో శవం చాలాకాలం చెడకుండా ఉండవచ్చని ఆయన అప్పుడే రాశాడు. ఊళ్లలో భయం ఒక్కసారిగా పోలేదు గానీ, చదువుకున్నవాళ్లు నమ్మడం మానేశారు. నమ్మకం పోయాకే కదా కవులు ధైర్యంగా దాన్ని ప్రేమకు వాడుకోగలిగింది. పక్కింట్లో తొమ్మిది మంది పోతుంటే ఎవరూ దాని మీద ప్రేమకవిత రాయరు.

శారద, గుంటూరు

డాక్టరు గారూ, ఒస్సెన్‌ఫెల్డర్ కవిత 1748ది, ఆజ్ఞ 1755ది. కాబట్టి వరస పూర్తిగా అలా కుదరదు. కానీ ఆ కవి ఉన్నది ఆ ఊళ్లకు చాలా దూరంగా, జర్మనీలో. దూరం కూడా అదే పని చేసి ఉండొచ్చు.

మాధవి, హనుమకొండ

రాత్రి భోజనాలయ్యాక ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. పికడిల్లీ పేజీ తనే వెతికి పట్టుకుంది. నోస్ఫెరాటు ఈ ఆదివారం చూస్తానంది. అన్నీ విన్నాక అది అడిగింది మాత్రం ఆ కిసిల్యెవో ఆవిడ గురించి. "ఆమె చెప్పులు ఇచ్చిందా, ఇవ్వకుండా పారిపోయిందా?" అని. నాకూ తెలుసుకోవాలని ఉంది.

శారద, గుంటూరు

నివేదికలో ఆ సంగతి రాయలేదు మాధవి గారూ. ఆమె పేరు కూడా రాయలేదు. భర్త వచ్చి చెప్పులు అడిగాడని చెప్పింది, ఇంకో ఊరికి వెళ్లిపోయింది, అంతవరకే ఉంది. సమాధి తవ్విన రోజు ఆమె అక్కడ లేదు.